మోకాలి లోపలి పక్క లిగమెంట్ తెగితే: 30 డిగ్రీల పరీక్ష, హింజ్డ్ బ్రేస్, ఆరు వారాల లెక్క

కబడ్డీలో రైడర్ కాలు నేలకు తన్నిపెట్టి వెనక్కి తిరగబోతుంటే, డిఫెండర్ పక్కనుంచి వచ్చి మోకాలి బయటి వైపు మీద పడతాడు. పాదం మట్టిలో పాతుకున్నట్టు ఉండిపోతుంది, మోకాలు లోపలికి వంగుతుంది, లోపలి పక్క జాయింట్ తెరుచుకుంటుంది. సంక్రాంతి పోటీల తర్వాతి వారం కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చినా, అనంతపురం, కడప ఎముకల ఓపీలకు వచ్చినా ఇలాంటి మోకాళ్లు కనబడతాయి. బైకు పక్కకు ఒరుగుతుంటే కాలు చాపి ఆపబోయినవాళ్లకూ ఇదే దెబ్బ.

తెగేది మీడియల్ కొల్లాటరల్ లిగమెంట్, వాడుకలో ఎంసీఎల్. దీని విషయంలో రెండు తప్పులు మళ్లీమళ్లీ జరుగుతాయి. ఒకటి, ఎంత తెగిందో చెప్పే గ్రేడ్ చూడకుండా అందరికీ నీక్యాప్ ఇచ్చి పంపడం. రెండోది, గ్రేడ్ 3 అనగానే ఆపరేషన్ అనో, ఆరు వారాల పిండికట్టు అనో చెప్పడం. ఎంసీఎల్ ఒక్కటే తెగితే, పూర్తిగా తెగినా సరే, చాలామందికి కోత లేకుండానే అతుకుతుంది. అతుక్కోవడానికి రెండు షరతులున్నాయి: పక్కకు తెరుచుకోకూడదు, కానీ వంగుతూ చాస్తూ ఉండాలి. మోకాలి దగ్గర మడతబందు ఉన్న హింజ్డ్ బ్రేస్ పనంతా అదే. ఇది హౌస్ సర్జన్లకు, ఫిజియోథెరపిస్టులకు ఉద్దేశించినది. దెబ్బ తగిలినవాళ్లూ, ఇంట్లోవాళ్లూ చదివితే బ్రేస్ ఎందుకిచ్చారో అర్థమవుతుంది, కానీ పరీక్ష మాత్రం నేర్చిన చెయ్యే చేయాలి.

ఏది ఎక్కడుంది

మోకాలి లోపలి పక్కన తొడ ఎముక చివర ఒక ఉబ్బు చేతికి తగులుతుంది. ఎంసీఎల్ పై పొర ఆ ఉబ్బుకు కాస్త పైన, కాస్త వెనక మొదలై, జాయింట్ దాటి, కాలి ఎముక మీద జాయింట్‌కు సుమారు ఆరు సెంటీమీటర్ల కిందివరకూ వెళ్తుంది. అంటే దాదాపు పది సెంటీమీటర్ల పొడవున్న పట్టీ. చాలామంది జాయింట్ గీత దగ్గర మాత్రమే నొక్కి చూసి వదిలేస్తారు. నొప్పి కింది చివరలో ఉంటే వాళ్లకది దొరకదు. పై పొర కింద పొట్టిగా ఉన్న లోతు పొర, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌ను పట్టుకుని ఉంటుంది. వెనక మూలలో పోస్టీరియర్ ఆబ్లిక్ లిగమెంట్ అని మరో పట్టీ ఉంది, కాలు నిటారుగా చాచినప్పుడు అది బిగుసుకుంటుంది. ఈ చివరిదాన్ని గుర్తుంచుకోండి, రెండు కోణాల పరీక్షకు ఆధారం అదే.

చెయ్యి వేసే ముందు

ముందు పాదంలో నాడి చూడండి, పాదం పైన ఒకటి, లోపలి చీలమండ వెనక ఒకటి. బొటనవేలు పైకి లేపమనండి. నాడి బలహీనంగా ఉన్నా, వేలు లేవకపోయినా, మోకాలు అన్ని వైపులా వదులుగా అనిపించినా, అది జారి తిరిగి కూర్చున్న మోకాలు కావచ్చు. అక్కడ లిగమెంట్ సంగతి తర్వాత, రక్తనాళం సంగతి ముందు.

ఎక్స్‌రే అవసరమా అన్నది తేల్చడానికి ఒటావా నియమాలు చాలు. వయసు 55 లేదా అంతకు మించి ఉండటం, మోకాలిచిప్ప మీద మాత్రమే నొప్పి, బయటి పక్కన పిక్క ఎముక తల మీద నొప్పి, 90 డిగ్రీల వరకు వంచలేకపోవడం, దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ మీ ముందు, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా తీయించండి.

వాపు ఎప్పుడొచ్చిందో తప్పకుండా అడగండి. దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే మోకాలంతా బిగదీసినట్టు ఉబ్బితే జాయింట్‌లోకి రక్తం చేరినట్టు. అప్పుడు జాయింట్ మధ్యలో ఉండే లిగమెంట్ ఏసీఎల్ మీద, చిప్ప జారడం మీద, ఎముక పగులు మీద అనుమానం పెట్టుకోవాలి. ఎంసీఎల్ ఒక్కటే తెగితే వాపు లోపలి పక్కకే పరిమితమై ఉంటుంది. పూర్తిగా తెగినప్పుడు జాయింట్ చుట్టూ ఉన్న పొర కూడా చిరిగి రక్తం బయటికి జారిపోతుంది కాబట్టి జాయింట్ పెద్దగా ఉబ్బకపోవచ్చు. నొప్పిదీ అంతే. సగం తెగిన గ్రేడ్ 2 మోకాలు, పూర్తిగా తెగిన గ్రేడ్ 3 కంటే ఎక్కువ నొప్పి పుట్టించవచ్చు. వాపూ నొప్పీ చూసి గ్రేడ్ రాస్తే తప్పుతుంది.

పెరిగే వయసు పిల్లలైతే ఇంకో సంగతి. హైస్కూలు పిల్లాడికి పెరిగే పొర లిగమెంట్ కంటే మెత్తన, అదే దెబ్బకు లిగమెంట్ బదులు తొడ ఎముక కింది పెరిగే పొర విడిపోవచ్చు. జాయింట్ గీతకు పైన ఎముక చుట్టూతా నొప్పి ఉంటే ముందు ఎక్స్‌రే, ఆ తర్వాతే చెయ్యి. బలంగా పక్కకు వంచి చూడకండి.

నొక్కి చూడటం

ఒక వేలితో, పై ఉబ్బు దగ్గర మొదలుపెట్టి, జాయింట్ గీత మీదుగా, ఆరు సెంటీమీటర్ల కిందివరకూ అంగుళం అంగుళం నొక్కుతూ రండి. ఎక్కువ నొప్పి ఉన్న చోట పెన్నుతో గుర్తు పెట్టండి. ఈ గుర్తు ముందుముందు పనికొస్తుంది: తొడ ఎముక వైపు తెగినవి బాగా అతుకుతాయి గానీ మోకాలు బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ. కాలి ఎముక వైపు ఊడినవి అంత నమ్మకంగా అతకవు. అక్కడ ఊడిన చివర పైకి లేచి, పక్కనున్న తొడ కండరాల స్నాయువుల మీదికెక్కి కూర్చుంటే, అది మళ్లీ ఎముకను తాకే దారే ఉండదు. కింది చివరలో నొప్పితో పాటు ముద్ద తగిలితే ఎంఆర్ఐ రాయండి.

పై ఉబ్బుకు కాస్త పైన, చిప్ప వైపు నొప్పి ఎక్కువగా ఉంటే చిప్పను బయటి వైపుకు మెల్లగా నెట్టి చూడండి. భయపడి చెయ్యి పట్టుకుంటే జారింది చిప్ప కావచ్చు. రెండూ ఒకే దెబ్బకు వస్తాయి, ఒకదాన్ని ఒకటనుకోవడం తరచూ జరుగుతుంది.

రెండు కోణాల పరీక్ష

మంచి కాలితో మొదలుపెట్టండి. ఆ మనిషి మోకాలు మామూలుగా ఎంత వదులో తెలియకుండా దెబ్బ తిన్నదాని గురించి ఏమీ చెప్పలేం. పైగా ఏం చేయబోతున్నారో అతనికీ అర్థమై కండరం వదులుతాడు.

మంచం అంచుకు జరిపి వెల్లకిలా పడుకోబెట్టండి. తొడ మంచం మీదే ఆనాలి, పిక్క మంచం బయటికి రావాలి. తొడ బరువు మంచం మోస్తే తొడ వెనక కండరాలు వదులవుతాయి. పాదాన్ని మీ మోచేతికీ నడుముకూ మధ్య ఇరికించుకోండి, అప్పుడు రెండు చేతులూ మోకాలి దగ్గరే ఉంటాయి. ఒక అరచెయ్యి మోకాలి బయటి వైపు, రెండో చేతి వేళ్లు లోపలి జాయింట్ గీత మీద. మోకాలు 30 డిగ్రీలు వంచండి. బయటి అరచేత్తో లోపలికి నెడుతూ, మీ నడుమును బయటికి తిప్పండి. మెల్లగా నెట్టండి, కుదుపు వద్దు. వేళ్ల కింద జాయింట్ ఎంత తెరుచుకుంటోంది, చివర టక్కున ఆగుతోందా, ఆగకుండా పోతూనే ఉందా, ఈ రెండే చూడాలి.

తొడ తిరగనివ్వకండి. మీరు నెట్టినప్పుడు తుంటి లోపలికి తిరిగితే మోకాలు తెరుచుకున్నట్టే కనబడుతుంది. కొత్తవాళ్లు లేని వదులు రాసేది ఇక్కడే. చిప్ప నేరుగా పైకప్పును చూస్తూ ఉంటే తొడ తిరగలేదన్నట్టు.

ఇప్పుడు అదే పరీక్షను కాలు నిటారుగా చాచి, సున్నా డిగ్రీల దగ్గర చేయండి.

రెండు కోణాలెందుకంటే, 30 డిగ్రీలు వంచినప్పుడు వెనక పొర, వెనక మూల పట్టీ వదులవుతాయి, పక్కకు తెరుచుకోకుండా ఆపే భారం ఎంసీఎల్ పై పొర మీద పడుతుంది. శవాల మోకాళ్ల మీద కొలిచిన లెక్కలో 25 డిగ్రీల దగ్గర ఆ భారంలో 78 శాతం పై పొరదే, 5 డిగ్రీల దగ్గర 57 శాతం. కాలు చాచినప్పుడు మిగతావీ సాయం పడతాయి. అందుకే 30 దగ్గర తెరుచుకుని, సున్నా దగ్గర గట్టిగా ఉంటే తెగింది ఎంసీఎల్ వరకే. సున్నా దగ్గర కూడా తెరుచుకుంటే వెనక మూల పోయినట్టు, ఏసీఎల్‌గానీ, దాని వెనకుండే పీసీఎల్‌గానీ పోయి ఉండొచ్చు. ఆ మోకాలు ఈ గైడ్ పరిధి దాటింది. పొడవాటి బ్రేస్ వేసి, ఎంఆర్ఐతో పాటు సర్జన్‌కు పంపండి.

గ్రేడ్లు ఇలా రాయండి. లిగమెంట్ మీద నొప్పి ఉంది, 30 దగ్గర నెడితే నొప్పి వస్తోంది, కానీ మంచి కాలి కంటే తెరుచుకోవడం లేదు: గ్రేడ్ 1. మంచి కాలి కంటే తెరుచుకుంటోంది, అయితే చివర ఆగుతోంది: గ్రేడ్ 2. ఆపు లేకుండా పోతోంది: గ్రేడ్ 3. పుస్తకాల్లో 5 మిల్లీమీటర్లలోపు, 5 నుంచి 10, 10 దాటితే అని ఉంటుంది. వేళ్లతో మిల్లీమీటర్లు అంత కచ్చితంగా తెలియవు. ఇద్దరు డాక్టర్లు అంకె మీద వాదించుకోవచ్చు, ఆపు ఉందా లేదా అన్నదాని మీద తొందరగా ఏకీభవిస్తారు. అందుకే ఓపీ చీటీలో అంకెతో పాటు ‘ఆపు ఉంది’ లేదా ‘ఆపు లేదు’ అని తప్పక రాయండి.

కొలత కావాలంటే స్ట్రెస్ ఎక్స్‌రే ఉంది. 20 డిగ్రీలు వంచి, పక్కకు నెడుతూ రెండు మోకాళ్లకూ తీసి తేడా చూస్తారు. మంచి కాలి కంటే 3.2 మిల్లీమీటర్లు ఎక్కువ తెరుచుకుంటే పై పొర పూర్తిగా తెగినట్టు, 9.8 దాటితే లోపలి పక్క మొత్తం పోయినట్టు. ఇవి ఎక్స్‌రేలో కొలిచిన తేడాలు. చేత్తో అంచనా వేసే 5, 10 అంకెలతో వీటిని కలపకండి.

చివరగా లాక్‌మన్ పరీక్షతో ఏసీఎల్, మోకాలు 90 డిగ్రీలు వంచి వెనక్కి నెట్టి పీసీఎల్ చూడండి. గ్రేడ్ 3 ఎంసీఎల్ అనిపించిన ప్రతి మోకాలికీ, ఏసీఎల్ పోయిందనే అనుకుని మొదలుపెట్టి, కాదని తేలాకే ‘ఎంసీఎల్ ఒక్కటే’ అని రాయండి.

రోగి గట్టిగా బిగపట్టుకుంటే ఆ రోజు గ్రేడ్ రాయకండి. బ్రేస్ వేసి పంపి, వారంలోపు మళ్లీ పిలిచి చూడండి. తొడ కండరాలు బిగిసి ఉంటే గ్రేడ్ 3 కూడా గ్రేడ్ 2లా తోస్తుంది.

ఏ బ్రేస్

మందుల షాపులో ఇచ్చే సాగే నీక్యాప్ వెచ్చగా ఉంటుంది, వాపును కాస్త నొక్కుతుంది, అంతే. దానిలో పక్క బద్దలు లేవు, పక్కకు తెరుచుకునే మోకాలిని అది ఆపదు. తొడ నుంచి చీలమండ పైదాకా వచ్చే లాంగ్ నీ బ్రేస్ మోకాలిని నిటారుగా కట్టేస్తుంది. మొదటి రెండు మూడు రోజులు నొప్పికి పరవాలేదు, వారాల తరబడి కాదు.

గ్రేడ్ 2, 3లకు కావలసింది రెండు పక్కలా లోహపు బద్దలు, మోకాలి దగ్గర డయల్ ఉన్న పొడవాటి హింజ్డ్ బ్రేస్. డయల్ మీద ఎంతవరకు చాచాలి, ఎంతవరకు వంచాలి అన్నవి విడివిడిగా పెట్టుకోవచ్చు. గ్రేడ్ 1కి పొట్టి హింజ్డ్ బ్రేస్ ఒకటి రెండు వారాలు సరిపోతుంది, కొందరికి అదీ అక్కర్లేదు. బ్రేస్ కొనిచ్చేటప్పుడు తొడ చుట్టుకొలత, పిక్క చుట్టుకొలత టేపుతో కొలిచి సైజు రాసివ్వండి. కంటి అంచనాతో తెచ్చిన లార్జ్ సైజు సన్నటి కబడ్డీ కుర్రాడి కాలికి నిలవదు.

బ్రేస్ తొడిగే క్రమం

మంచం అంచున కూర్చోబెట్టి మోకాలు కాస్త వంచమనండి. ముందు పలచటి నూలు మేజోడు, ముడతలు లేకుండా. మన దగ్గర మార్చి నుంచి ఎండ 40 దాటుతుంది. మేజోడు లేకుండా నురుగు లైనింగ్ చర్మానికి తగిలితే వారంలో చెమటకాయలు, పుండ్లు వచ్చి, రోగి బ్రేస్ తీసి మూల పడేస్తాడు. రెండు మేజోళ్లు ఇచ్చి రోజూ మార్చమనండి.

తర్వాత హింజ్ చోటు. హింజ్ నడిమి బొట్టు చిప్ప మధ్యకు సమానమైన ఎత్తులో ఉండాలి. పక్కనుంచి చూస్తే కాలి నడిమి గీతకు కాస్త వెనకగా రావాలి. మోకాలు అసలు తిరిగే ఇరుసు అక్కడే. హింజ్ కిందికుంటే, వంచినప్పుడల్లా బ్రేస్ ఒక చోట, మోకాలు ఒక చోట తిరుగుతాయి, పట్టీలు చర్మాన్ని గీకుతాయి.

పట్టీల్లో మొదట బిగించాల్సింది మోకాలి కింద పిక్క పైభాగంలో వచ్చేది. పిక్క కండ ఉబ్బు మీద ఆగి అది మొత్తం బ్రేస్‌ను జారకుండా పట్టుకుంటుంది. తర్వాత మోకాలి పైది, ఆ తర్వాత అన్నిటికన్నా కిందిది, చివర తొడ మీదిది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడోది దూరకూడదు. మోకాలి బయటి వైపు, కాస్త కిందుగా, పిక్క ఎముక తల ఉంటుంది. దాని మెడ చుట్టూ ఒక నరం పైపైనే వెళ్తుంది. పట్టీ గానీ బద్ద గానీ దాని మీద నొక్కుతుంటే పాదం పైన తిమ్మిరి, తర్వాత బొటనవేలు లేవకపోవడం. అక్కడ దూది ప్యాడ్ పెట్టి, తిమ్మిరి వస్తే వెంటనే పట్టీ వదులు చేయాలని ఇంట్లోవాళ్లకు చెప్పండి.

డయల్ రెండు పక్కలా ఒకే అంకె మీద ఉండాలి. ఒక పక్క 90, ఇంకో పక్క 60 పెట్టి పంపిన బ్రేసులు వంగవు, మెలితిరుగుతాయి. అన్నీ అయ్యాక పది నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి. హింజ్ రెండు వేళ్లు కిందికి జారి ఉంటే మళ్లీ మొదటినుంచి తొడగండి. ఇంటికెళ్లాక రోజుకు మూడు సార్లైనా హింజ్ చోటు చూసుకోమనండి. మట్టి నేలల్లో తిరిగేవాళ్ల వెల్క్రోలో దుమ్ము, నూలు పోగులు చేరి పట్టు పోతుంది, పాత టూత్ బ్రష్‌తో గీసి శుభ్రం చేస్తే తిరిగి పడుతుంది.

ఒక మోకాలి ఆరు వారాలు

తాడిపత్రి వైపు నుంచి 23 ఏళ్ల కబడ్డీ రైడర్ వచ్చాడనుకుందాం. దెబ్బ తగిలి రెండో రోజు, కుడి మోకాలు.

“సార్, టక్ మని సద్దొచ్చె. కాలు పక్కకి పోయినట్లాయె.”

“ఎంతసేపటికి ఉబ్బింది అబ్బీ?”

“పెద్దగా ఉబ్బలేదు సార్. ఈడ మాత్రం నొప్పి.”

అతను చూపించిన చోటు తొడ ఎముక లోపలి ఉబ్బు. నాడి బాగుంది. దెబ్బ తగిలినప్పుడూ, ఇక్కడా మూడడుగులకే కూర్చుండిపోయాడు కాబట్టి ఎక్స్‌రే తీశారు, పగులు లేదు. 30 దగ్గర కాస్త తెరుచుకుని ఆగింది, అయితే తొడ కండరాలు రాయిలా ఉన్నాయి. ఆ రోజు చీటీలో ‘గ్రేడ్ 2 అనుమానం, బిగపట్టాడు, వారంలో మళ్లీ’ అని రాసి, హింజ్డ్ బ్రేస్, రెండు చంక కర్రలు, గుడ్డలో చుట్టిన ఐసు 15 నుంచి 20 నిమిషాలు రోజుకు నాలుగైదు సార్లు అని చెప్పారు. నూనె మర్దన, ఆకు కట్టు, వేడి కాపడం వద్దని గట్టిగా చెప్పారు. తాజాగా తెగిన చోట పిసికితే రక్తం మళ్లీ కారుతుంది.

ఏడో రోజు కండరం వదిలింది. 30 దగ్గర ఆపు లేదు. సున్నా దగ్గర గట్టిగా ఉంది. లాక్‌మన్ రెండు కాళ్లకూ ఒకేలా ఆగింది. 20 డిగ్రీల స్ట్రెస్ ఎక్స్‌రేలో తేడా 5 మిల్లీమీటర్లు. అంటే పై పొర పూర్తిగా తెగింది, మిగతావి నిలిచాయి. గ్రేడ్ 3, ఎంసీఎల్ ఒక్కటే, తొడ ఎముక వైపు. ఇలాంటి వాటికి కోత అక్కర్లేదని 1983లోనే అమెరికా సర్జన్ పీటర్ ఇండెలికాటో ఆపరేషన్ చేసినవాళ్లనూ చేయనివాళ్లనూ పోల్చి చూపించాడు.

మొదటి మూడు వారాలు డయల్ 0 నుంచి 90. రాత్రి నిద్రలోనూ బ్రేస్ ఉండాలి. నడిచేటప్పుడు రెండు కర్రలతో, నొప్పి ఓర్చుకోగలిగినంత బరువే ఆ కాలి మీద. సహజంగానే మోకాళ్లు లోపలికి తిరిగి ఉన్నవాళ్లకు మాత్రం మూడు వారాలు బరువు అసలు వద్దు, ప్రతి అడుగూ అతుకును లాగుతుంది. బ్రేస్‌లోనే మడమ జారుస్తూ వంచి చాచడం 20 సార్లు, రోజుకు మూడు విడతలు. తొడ ముందు కండరం బిగించి 5 సెకన్లు పట్టడం 10 సార్లు, మెలకువగా ఉన్న ప్రతి గంటకూ. కాలు నిటారుగా లేపడం 10 చొప్పున మూడు విడతలు. లేపినప్పుడు మడమ వెనక్కి వాలి మోకాలు వంగితే కండరం ఇంకా మేలుకోలేదు, బ్రేస్‌ను సున్నా దగ్గర లాక్ చేసి చేయించండి.

ఈ కదలిక గురించి సర్జన్ల మధ్య చిన్న తేడాలున్నాయి. కొందరు మొదటి వారం లాక్ చేస్తారు, కొందరు మొదటి రోజునుంచే వదులుతారు. కానీ వారాల తరబడి కట్టేస్తే లిగమెంట్ ఎముకకు అంటుకునే చోటే బలహీనపడుతుందని కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది, అందుకే పిండికట్టును నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. ఈ కుర్రాడిలా తొడ ఎముక వైపు తెగినవాళ్లకు అది మరీ చేటు, మోకాలు అక్కడే బిగుస్తుంది.

ఇంట్లో గొడవ వచ్చేది రెండు చోట్ల. ఒకటి మరుగుదొడ్డి. గొంతు కూచునే దొడ్డి ఆరు వారాలు వద్దు, కమోడ్ కుర్చీ పెట్టించండి. రెండోది కాలు జరపడం. అమ్మ ప్రేమగా చీలమండ ఒక్కటీ పట్టుకుని కాలిని పక్కకు జరుపుతుంది, అది సరిగ్గా మనం పరీక్షలో చేసే నెట్టుడే. ఒక చెయ్యి తొడ కింద, ఒకటి పిక్క కింద పెట్టి రెండూ కలిపి జరపాలని చేసి చూపించండి. బైకు కూడా ఆరు వారాలు వద్దు, ఒరుగుతున్న బండికి కాలు చాపి ఆనించడమే ఈ దెబ్బకు దారి.

మూడో వారం చివర ఇతనికి 90 వరకు వంగింది, నిటారుగా చాచడంలో 5 డిగ్రీలు తక్కువ. చాలామంది వంగడం గురించే కంగారు పడతారు. చాచడం తగ్గితే కుంటు మిగిలిపోతుంది, చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. మడమ కింద దుప్పటి చుట్ట పెట్టి మోకాలిని గాలిలో వదిలేసి 10 నిమిషాలు, రోజుకు మూడు సార్లు చేయిస్తే వారంలో నిండింది.

సరిగ్గా ఇప్పుడే జారిపోతారు. నొప్పి మూడో వారానికల్లా దాదాపు పోతుంది, కర్ర పక్కన పడేస్తారు, బ్రేస్ మేకుకు తగిలిస్తారు. 30 డిగ్రీల పరీక్ష చేసి చూస్తే ఇంకా మెత్తగానే ఉంటుంది. ఆ సంగతి మంచి కాలినీ, ఆ కాలినీ పక్కపక్కన పరీక్షించి అతని వేలితోనే జాయింట్ గీత మీద తాకించి చెప్పండి, మాటలకంటే నమ్ముతాడు. అయితే ఈ పరీక్షను వారం వారం, వచ్చినవాళ్లందరూ చేయకూడదు. మూడో వారం ఒకసారి, ఆరో వారం ఒకసారి చాలు.

మూడు నుంచి ఆరు వారాల మధ్య డయల్ మెల్లగా తెరిచి పూర్తిగా వంగనివ్వండి. కుంటకుండా నడవగలిగితే ఒక కర్ర, తర్వాత అదీ వద్దు. 105 డిగ్రీల వరకు వంగగలిగితే కదలని సైకిల్ బిగువు లేకుండా 10 నిమిషాలు. తొడలు దగ్గరికి లాగే వ్యాయామంలో రబ్బరు పట్టీని చీలమండకు కట్టకండి, అక్కడ కడితే పాదం బయటికి లాగబడి ఎంసీఎల్ మీదే భారం పడుతుంది. మోకాలి పైన కట్టండి.

ఆరో వారం ఇతని మోకాలు 30 దగ్గర ఆగింది, మంచి కాలి కంటే కొద్దిగా వదులు, నెట్టినా నొప్పి లేదు. ఇంట్లో బ్రేస్ తీశారు, వీధిలోకి, గట్టు మీదికి వెళ్తే మాత్రం ఇంకో రెండు వారాలు వేసుకోమన్నారు. ఆరో వారానికి కూడా ఆపు రాకపోతే బ్రేస్ పొడిగిస్తూ కూర్చోకండి, ఎంఆర్ఐతో సర్జన్ దగ్గరికి పంపాలి, కింది చివర తప్పుచోట కూర్చుని ఉండొచ్చు. ఆపు వచ్చి, పై ఉబ్బు దగ్గర మాత్రం రెండు మూడు నెలలైనా నొప్పి, వంగడంలో బిగువు మిగిలితే మళ్లీ ఎక్స్‌రే తీయండి. అక్కడ సున్నపు మచ్చ కనిపిస్తే అది పెల్లెగ్రినీ-స్టీడా. దాన్ని చూసి కొత్త పగులని భయపడనక్కర్లేదు. ఎప్పుడైనా పిక్క మొత్తం ఉబ్బి నొక్కితే నొప్పి ఉంటే మాత్రం వ్యాయామం ఆపి, రక్తం గడ్డ కట్టిందేమో ఆ రోజే డాప్లర్ స్కాన్ చేయించాలి.

గ్రేడ్ 2 అయితే ఇదే దారి పొట్టిగా: బ్రేస్ మూడు నుంచి ఆరు వారాలు, ఆటకు నెల దాటాక. గ్రేడ్ 1 రెండు వారాల్లో మైదానానికి వెళ్తుంది. ఏసీఎల్ కూడా పోయినవాళ్లకు సాధారణంగా ముందు బ్రేస్‌తో ఎంసీఎల్ అతుక్కోనిచ్చి, వంగడం చాచడం నిండాక ఏసీఎల్ ఆపరేషన్ చేస్తారు, ఆ నిర్ణయం సర్జన్‌ది.

గ్రేడ్ 3 రైడర్‌ను కబడ్డీకి పంపే లెక్క క్యాలెండర్ మీద మాత్రమే ఉండకూడదు, సాధారణంగా 12 వారాల చుట్టుపక్కల అయినా సరే. 30 దగ్గర నొప్పి లేని గట్టి ఆపు, రెండు మోకాళ్లు ఒకేలా వంగి చాచడం, తొడ చుట్టుకొలతలో పెద్ద తేడా లేకపోవడం, ఒంటికాలి గెంతులో మంచి కాలి దూరానికి 90 శాతం. ముందు తిన్నగా పరుగు, తర్వాత ఎనిమిది అంకె ఆకారంలో పరుగు, ఆ తర్వాత ఆపి తిరగడం, చివర పట్టుకునేవాళ్లు ఎదురుగా ఉండగా రైడ్. ఏ మెట్టు దగ్గర మరుసటి రోజు లోపలి పక్కన నొప్పిగానీ వాపుగానీ వచ్చినా, ఒక మెట్టు కిందికి దిగి వారం అక్కడే ఆడించండి. ఆ సీజన్ మిగతా మ్యాచుల్లో పొట్టి హింజ్డ్ బ్రేస్ తొడిగి ఆడమనండి, ఆ ఆటలో లోహపు బద్దల బ్రేస్‌ను అనుమతిస్తారో లేదో నిర్వాహకులను ముందే అడిగి.